టోపీ అల్లిక రాయడం: 96 కుట్లకు టోపీ వస్తుంది, 100కి ఎందుకు రాదు?

బెంగళూరులో డిసెంబరు వచ్చిందంటే మా అపార్ట్‌మెంట్ వాకింగ్ ట్రాక్ నిండా మంకీ క్యాప్‌లే. వాటి మధ్యలో నేను అల్లిన ఒక మామూలు ఊలు టోపీ పక్క ఫ్లాట్ ఆంటీకి నచ్చింది. "ఎట్ల అల్లినావో రాసియ్యి, మావాడికి నేనే అల్లుతా" అన్నారు. నాకు తెలిసిందేగా అనుకుని ఒక కాగితం మీద పది లైన్లు రాసిచ్చాను. 96 కుట్లు ఎక్కించాలి, నాలుగుతో భాగిస్తే శేషం రాకూడదు, రెండు నిట్ రెండు పర్ల్ రిబ్, ఆ తర్వాత అంతా నిట్, పైన ఎనిమిది చోట్ల తగ్గించుకుంటూ పోవాలి, అంతే.

నాలుగు రోజుల తర్వాత సూదులతో సహా తలుపు కొట్టారు. "అమ్మాయ్, చివర్లో నాలుగు కుట్లు మిగిలిపోతున్నాయి, వీటినేం చేయమంటావ్?"

వాళ్లబ్బాయి తల కాస్త పెద్దదని ఆవిడ 100 కుట్లు ఎక్కించారు. నేను రాసినదాని ప్రకారం అందులో తప్పేమీ లేదు, 100ని నాలుగు చక్కగా భాగిస్తుంది. రిబ్ బాగా వచ్చింది, మధ్య భాగమూ బాగా వచ్చింది, పదిహేను సెంటీమీటర్లు అల్లేదాకా ఎక్కడా చిన్న తేడా కూడా కనపడలేదు. మాడు దగ్గరికి వచ్చాక 100ని ఎనిమిది భాగాలు చేస్తే ఒక్కోదానికి పన్నెండు, ఇంకో నాలుగు మిగులు. ఆవిడ అల్లికలో లోపం లేదు. నేను అల్లిన టోపీ సరైనదే, రాసిన టోపీ కాదు. ఈ రెండింటి మధ్య ఎంత దూరం ఉందో ఆ రోజు తెలిసింది, ఈ వ్యాసం దాని గురించే.

## ముందు మాటలు సరిచూసుకుందాం

సూది మీద ఉండే ఒక్కో ఉచ్చు ఒక కుట్టు. బల్లపరుపుగా అటూ ఇటూ అల్లితే వచ్చేది వరస, గుండ్రటి సూది మీద తిరుగుతూ అల్లితే వచ్చేది చుట్టు. నిట్ అంటే ముందువైపు చిన్న V ఆకారంలో కనిపించే కుట్టు, పర్ల్ అంటే దాని వెనకవైపు, అంటే గింజలా కనిపించేది. రెండూ మార్చి మార్చి వేస్తే సాగే గుణమున్న పట్టీ వస్తుంది, అదే రిబ్.

ఇక గేజ్. పది సెంటీమీటర్ల వెడల్పులో ఎన్ని కుట్లు పడుతున్నాయి, పది సెంటీమీటర్ల ఎత్తులో ఎన్ని వరసలు పడుతున్నాయి అన్న లెక్క. అమెరికా వాళ్లు గేజ్ అంటారు, బ్రిటన్ వాళ్లు ఇదే విషయాన్ని టెన్షన్ అంటారు. పాత బ్రిటిష్ పుస్తకం మొదటి పేజీలోనే "టెన్షన్: 20 కుట్లు" అని చూసి, ఇంకా మొదలే పెట్టలేదు, అప్పుడే టెన్షన్ ఏంటి అని నేను నవ్వుకున్నాను. నిజానికి పేరు తగినదే, దారాన్ని ఎంత బిగువుగా పట్టుకుంటామన్నదే అది.

సూది సైజుల దగ్గర కూడా ఇలాంటి చిక్కే ఉంది, కానీ నవ్వుకునేది కాదు. మన దగ్గర పాతకాలం నుంచి సూదుల్ని బ్రిటిష్ నంబర్లతో పిలుస్తారు, ఆ పద్ధతిలో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. అమెరికా పద్ధతిలో నంబరు పెరిగితే సూది లావవుతుంది. బ్రిటిష్ 8 అంటే 4 మిల్లీమీటర్లు, అమెరికా 8 అంటే 5 మిల్లీమీటర్లు. తమాషా ఏంటంటే 7 మాత్రం రెండింట్లోనూ 4.5 మిల్లీమీటర్లే, అందుకే 7తో అల్లేవాళ్లకి ఈ గొడవ ఉన్నట్టే తెలియదు. రాసేటప్పుడు నంబరు మానేసి మిల్లీమీటర్లు రాస్తే ఈ గందరగోళమే ఉండదు.

## టోపీ తలకన్నా చిన్నదిగా ఎందుకుండాలి

టేపుని కనుబొమల పైన, చెవుల మీదుగా, వెనక తల బాగా పొడుచుకొచ్చిన చోటు మీదుగా తిప్పి కొలిస్తే తల చుట్టుకొలత వస్తుంది. 54 సెంటీమీటర్లు అనుకుందాం. టోపీని కూడా 54 అల్లితే రెండు రోజుల్లో కళ్ల మీదకి జారుతుంది, ఎందుకంటే అల్లిన బట్ట సాగుతుంది, అది తలని పట్టుకునేదే సాగినప్పటి బిగువుతో. అందుకని నాలుగు నుంచి ఏడు సెంటీమీటర్లు తక్కువగా అల్లుతారు. 54 తలకి 48 టోపీ సరిపోతుంది.

నేను చిక్‌పేటలో కొన్న మధ్యరకం లావు యాక్రిలిక్ దారంతో, 4.5 మిల్లీమీటర్ల సూదితో, నాకు పదికి 20 కుట్లు, 28 వరసలు వచ్చాయి. అంటే సెంటీమీటరుకి రెండు కుట్లు. 48 సెంటీమీటర్లకి 96 కుట్లు. నా కాగితం మీది 96 ఇలా పుట్టిందే, కానీ ఈ లెక్క ఆ కాగితం మీద లేదు.

లెక్క లేకపోతే ఏమవుతుందో చూడండి. ఇంకొకరి చెయ్యి బిగువు, అదే సూదితో వాళ్లకి పదికి 22 కుట్లు వస్తాయి అనుకుందాం. వాళ్లూ 96 ఎక్కిస్తారు. 96ని 2.2తో భాగిస్తే 43.6. పెద్దవాళ్ల టోపీ కాస్తా రెండుమూడేళ్ల పిల్లల టోపీ అయిపోతుంది. పదికి రెండు కుట్ల తేడా చూడటానికి చిన్నదే, కానీ టోపీ చుట్టూ తిరిగేసరికి దాదాపు నాలుగున్నర సెంటీమీటర్లు అయింది. అందుకే గేజ్ ముక్కని చిన్నగా అల్లి ఐదు సెంటీమీటర్లు కొలిచి రెట్టింపు చేస్తే ప్రమాదం, అక్కడ కనిపించని అర కుట్టు ఇక్కడ ఒక కుట్టు అవుతుంది. ముక్కని కనీసం పదమూడు పద్నాలుగు సెంటీమీటర్లు అల్లి, తడిపి ఆరబెట్టి, అంచులు వదిలేసి మధ్యలో పది కొలవాలి. ఇంకో సంగతి, టోపీ గుండ్రంగా అల్లుతాం కాబట్టి అంతా నిట్టే, బల్లపరుపు ముక్కలో వెనక్కి వచ్చేటప్పుడు పర్ల్ వేయాలి, చాలామందికి పర్ల్ కాస్త వదులుగా పడుతుంది. బల్లపరుపుగా అల్లిన ముక్క గేజ్ టోపీకి సరిపోకపోవడానికి కారణం సాధారణంగా ఇదే. కాబట్టి రాసేవాళ్లు "గుండ్రంగా అల్లిన గేజ్" అని ఆ ఒక్క మాట చేర్చాలి.

## ఎనిమిది ఎక్కడి నుంచి వచ్చింది

ఇక అసలు చిక్కు. రెండు నిట్ రెండు పర్ల్ రిబ్‌కి కుట్ల సంఖ్య నాలుగో ఎక్కంలో ఉండాలి. మాడు భాగానికి మాత్రం ఎనిమిదో ఎక్కంలో ఉండాలి. రెండూ కుదరాలంటే ఎనిమిదే. 80, 88, 96, 104 అన్నీ కుదురుతాయి, 84, 92, 100 రిబ్ దగ్గర నవ్వుతూ పలకరించి మాడు దగ్గర హ్యాండిస్తాయి.

అసలు ఎనిమిది చోట్లే ఎందుకు తగ్గించాలి? దీనికి కారణం చిన్ననాటి వృత్తం లెక్క. మాడు దాదాపు ఒక పళ్లెంలా పడుకోవాలి. పళ్లెం అంచు నుంచి మధ్యకి వచ్చేకొద్దీ చుట్టుకొలత ఎంత తగ్గుతుంది? లోపలికి వచ్చిన దూరానికి 6.28 రెట్లు. మాడులో ఒక చుట్టు తగ్గిస్తూ, తర్వాతి చుట్టు మామూలుగా అల్లుతాం. నా గేజ్‌లో ఆ రెండు చుట్ల ఎత్తు 0.7 సెంటీమీటర్లు, అంటే రెండు చుట్లకోసారి చుట్టుకొలత 4.4 సెంటీమీటర్లు తగ్గితే బట్ట చదునుగా వస్తుంది. ఎనిమిది కుట్లు తగ్గిస్తే 4 సెంటీమీటర్లు తగ్గినట్టు. చదునుకి కొంచెం తక్కువ, అంటే చిన్న గుమ్మటం, తలకి అదే కావాలి. నాలుగు చోట్ల మాత్రమే తగ్గిస్తే 2 సెంటీమీటర్లే, అప్పుడు టోపీ శంకువులా పైకి లేస్తుంది. పది చోట్ల తగ్గిస్తే 5 సెంటీమీటర్లు, అంచు అలలు అలలుగా ముడుచుకునే వైపు వెళ్తుంది.

అందరూ ఎనిమిదే వాడరు. ఆరు భాగాలు వాడేవాళ్లున్నారు, మాడు ఇంకాస్త ఎత్తుగా, గుండ్రంగా వస్తుంది, చూడటానికి బాగుంటుంది కూడా. కానీ నాలుగో ఎక్కం, ఆరో ఎక్కం రెండూ కలిసేది పన్నెండు దగ్గర. అంటే సైజుకీ సైజుకీ మధ్య పన్నెండు కుట్లు, ఆరు సెంటీమీటర్ల దూరం. మధ్యలో తల ఉన్నవాళ్లకి ఏదీ సరిపోదు. ఎనిమిదితో అయితే సైజుల మధ్య నాలుగు సెంటీమీటర్లే. ఒక్క టోపీ అల్లుకునేవాళ్లకి ఈ తేడా పట్టదు, నాలుగు సైజులు రాసేవాళ్లకి పడుతుంది.

ఆంటీ 100 కుట్లు వృథా పోలేదు, చెప్పడం మర్చిపోయాను. మాడు మొదలుపెట్టే ముందు ఒక సర్దుబాటు చుట్టు వేస్తే చాలు: 23 నిట్, తర్వాత రెండు కలిపి ఒకటి, ఇలా నాలుగు సార్లు. 25 చొప్పున నాలుగు భాగాలు 24 చొప్పున అవుతాయి, మొత్తం 96. ఆ తర్వాత మామూలే. కొందరు ఈ సర్దుబాటుని ముందే రాసేసి మధ్య సైజులు కూడా ఇస్తారు. అల్లేవాళ్లకి సైజులు ఎక్కువ దొరుకుతాయి, బదులుగా కాగితం మీద "ఈ సైజుకి మాత్రమే" అనే లైన్లు పెరుగుతాయి, ఆ లైన్ల దగ్గరే జనం తప్పులో కాలేసేది. నేను పెట్టలేదు.

## సైజుల్ని ఒకే లైన్‌లో ఇరికించడం

నాలుగు సైజులకి నాలుగు కాగితాలు రాయరు. మొదటి సైజు అంకె బయట, మిగతావి బ్రాకెట్లో, ఎప్పుడూ అదే వరసలో రాస్తారు.

```
తల:        44–47 (48–51, 52–55, 56–59) సెం.మీ.
టోపీ:       40 (44, 48, 52) సెం.మీ.
కుట్లు:      80 (88, 96, 104)
మాడు దాకా:  12 (13.5, 15, 16) సెం.మీ.
```

మీది మూడో సైజు అయితే ప్రతి చోటా మూడో అంకె మీది. మొదలుపెట్టే ముందే మీ అంకె చుట్టూ పెన్నుతో సున్నా చుట్టుకుంటే మధ్యలో వెతుక్కోనక్కర్లేదు. రాసేవాళ్లు చేసే పొరపాటు ఇక్కడ ఒకటుంది: అన్ని సైజులకీ ఒకటే అంకె అయినప్పుడు ఒక్కటే రాస్తారు, అది మామూలే, కానీ మూడు సైజులకి ఒకటి, నాలుగోదానికి వేరేది అయినప్పుడు రెండే అంకెలు రాసి వదిలేస్తారు. అప్పుడు ఏది ఎవరిదో దేవుడికే తెలియాలి. అంకె ఒకటే అయినా సరే, నాలుగు సార్లూ రాయాల్సిందే.

"పిల్లల సైజు", "పెద్దల సైజు" అని రాయడం కన్నా తల కొలత రాయడం మేలు. ఏడాది పిల్లల తల దాదాపు 46 సెంటీమీటర్లు, రెండేళ్లకి దాదాపు 48 అవుతుంది, ఆ తర్వాత పెరుగుదల నెమ్మదిస్తుంది. పదేళ్ల పిల్లాడికీ వాళ్లమ్మకీ ఒకే టోపీ పట్టడం మామూలు విషయం. వయసు చూసి సైజు ఎంచుకుంటే అందుకే బెడిసికొడుతుంది.

## పొట్టి అక్షరాలు: తెలుగులోనా, ఇంగ్లిష్‌లోనా

ఇంగ్లిష్ అల్లికల్లో నిట్‌కి k, పర్ల్‌కి p, రెండు కలిపి నిట్ వేయడానికి k2tog అని రాస్తారు. ఇవే ఉంచేయాలి అనేవాళ్ల మాటలో బలముంది. ఇవి తెలిస్తే ప్రపంచంలో ఏ అల్లికైనా చదువుకోవచ్చు, వీడియోల్లోనూ ఇవే వినపడతాయి, మనం కొత్తవి కనిపెడితే మన కాగితం మనకే పనికొస్తుంది. తెలుగులో రాయాలనేవాళ్ల మాటా కాదనలేం. చెయ్యి అద్భుతంగా తిరిగిన పెద్దవాళ్లు చాలామంది చూసి నేర్చుకున్నవాళ్లే, వాళ్లకి అల్లికలో ఇబ్బంది లేదు, ఉన్నదల్లా k2tog దగ్గరే. మా ఆంటీ అలాంటివారే, కాబట్టి నేను తెలుగులో రాశాను.

రాశాక తెలిసింది అది అనుకున్నంత తేలిక కాదని. మొదట కుట్లకి "కు", చుట్లకి "చు" అని పెట్టాను. ఫోన్‌లో చిన్న అక్షరాల్లో రెండూ ఒకేలా కనిపించాయి. సరే, అవి పూర్తిగానే రాద్దామనుకున్నాను, లైన్‌కి ఒకసారి వచ్చే మాటని కుదించి మిగిల్చుకునేది కూడా ఏమీ లేదు. నిట్‌కి "ని", పర్ల్‌కి "ప" బాగానే కుదిరాయి. రెండు కలిపి అన్నదానికి "2కలి" అని పెట్టాను. అది పెద్ద పొరపాటు. "ని10 2కలి" అని రాసింది మెసేజ్‌లో దగ్గరికి చేరి "ని102కలి" అయింది. ఆంటీ అమాయకంగా "నూట రెండు నిట్ ఎక్కడ వేయాలి, ఉన్నవే తొంభై ఆరు కదా" అన్నారు. అంకెతో మొదలయ్యే పొట్టిమాట ఇంకో అంకె పక్కన పడితే ఇదే జరుగుతుంది. ఇంగ్లిష్ వాళ్ల k2tog ముందు k ఉన్నందుకు వాళ్లు బతికిపోయారు. చివరికి "జత" అని పెట్టాను. మూడు మాటలే: ని, ప, జత. అంకె ఎప్పుడూ అక్షరం తర్వాతే వస్తుంది, "ని4" అంటే నాలుగు కుట్లు నిట్.

ఇక నక్షత్రం గుర్తు. "*ని10, జత* 8 సార్లు" అంటే మొత్తం ఎనిమిదా, ఒకసారి వేశాక ఇంకో ఎనిమిదా? ఇంగ్లిష్ అల్లికల్లోనూ రెండు రకాలూ కనిపిస్తాయి, "ఇంకా 7 సార్లు" అని రాసేవాళ్లూ ఉన్నారు, "మొత్తం 8" అని రాసేవాళ్లూ ఉన్నారు. ఏది వాడినా తప్పు లేదు, కానీ ఏది వాడుతున్నారో రాయాలి. టోపీలో అయితే దీన్ని తప్పించుకునే దారి ఒకటుంది: "చుట్టు చివరిదాకా" అనేస్తే సరి, కుట్లు సరిగ్గా ఉంటే చివర్లో ఏమీ మిగలదు. మిగిలిందంటే అక్కడే తెలిసిపోతుంది.

## మాడు: ఒకే మెట్లవరస, నాలుగు గుమ్మాలు

నాలుగు సైజులకి మాడుని నాలుగు సార్లు రాయాల్సిన పని లేదని నాకు రెండోసారి రాసేటప్పుడు తట్టింది. 104 నుంచి ఒకసారి తగ్గిస్తే 96, అది మూడో సైజు మొదలు. ఇంకోసారి తగ్గిస్తే 88, రెండో సైజు మొదలు. అందరూ దిగే మెట్లు ఒకటే, ఎవరి అంకె దగ్గర వాళ్లు ఎక్కుతారు.

```
*…* మధ్య ఉన్నది చుట్టు చివరిదాకా వేయాలి.
104 కుట్లు ఉంటే: *ని11, జత*   → 96, ఒక చుట్టు ని
 96 కుట్లు ఉంటే: *ని10, జత*   → 88, ఒక చుట్టు ని
 88 కుట్లు ఉంటే: *ని9, జత*    → 80, ఒక చుట్టు ని
 80 కుట్లు ఉంటే: *ని8, జత*    → 72, ఒక చుట్టు ని
*ని7, జత*  → 64, ఒక చుట్టు ని
*ని6, జత*  → 56, ఒక చుట్టు ని
*ని5, జత*  → 48
*ని4, జత*  → 40
*ని3, జత*  → 32
*ని2, జత*  → 24
*ని1, జత*  → 16
*జత*       → 8
```

బాణం తర్వాతి అంకెలు చుట్టు అయ్యాక సూది మీద మిగలాల్సిన కుట్లు. "ఇలాగే 8 మిగిలేదాకా తగ్గించండి" అని ఒక్క లైన్‌లో రాసినా అనుభవమున్నవాళ్లకి అర్థమవుతుంది, చాలామంది అలాగే రాస్తారు, కాగితం పొట్టిగా ఉంటుంది. కానీ ఒక జత మర్చిపోతే ఏమవుతుందో చూడండి. 64 రావాల్సిన చోట 65 ఉంటాయి. అంకె రాసి ఉంటే ఆ చుట్టులోనే దొరుకుతుంది, ఐదు నిమిషాల పని. లేకపోతే తర్వాతి తగ్గింపు చుట్టు చివర ఒక కుట్టు అదనంగా మిగులుతుంది, అది ఈ చుట్టులోదో పోయిన చుట్టులోదో తెలియదు, ఎంతదాకా విప్పాలో తెలియదు.

48 తర్వాత మధ్యలో మామూలు చుట్టు లేదు, గమనించారా? అక్కడ చదును లెక్కని కావాలనే వదిలేశాం. చివరి ఐదు చుట్లు త్వరగా ముడుచుకుని పైన చిన్న కుచ్చులా వస్తుంది, మాడు మధ్యలో కాబట్టి కనపడదు. మామూలు చుట్లు చివరిదాకా పెడితే నెత్తి మీద చిన్న ముక్కులా లేస్తుంది.

మూడో సైజుకి మాడులో మొత్తం 16 చుట్లు, అంటే 5.7 సెంటీమీటర్లు. అంచు నుంచి 15 అల్లి ఉంటాం, మొత్తం 20.7. చెవులు సగానికి పైగా కప్పుతుంది. చెవులు పూర్తిగా మూయాలంటే మాడుకి ముందే ఒకటి రెండు సెంటీమీటర్లు ఎక్కువ అల్లుకోవాలి, కుట్లతో సంబంధం లేదు. అందుకే ఎత్తుని చుట్లలో కాకుండా సెంటీమీటర్లలో రాశాను, చారల టోపీ అయితే మాత్రం చుట్లలోనే రాయాలి, లేకపోతే చార మధ్యలో ఆగిపోతుంది.

## రెండోసారి ఆంటీ అడిగినవి

కొత్త కాగితంతో ఆంటీ 104 ఎక్కించి, ఈసారి నన్నేమీ అడక్కుండా అల్లాలని ఒప్పందం. అయినా రెండు సార్లు తలుపు చప్పుడైంది. మొదటిసారి, మాడులో కుట్లు తగ్గేసరికి 40 సెంటీమీటర్ల గుండ్రటి సూది చుట్టూ అవి సాగడం లేదని. నిజమే, పొట్టి సూదులకి మారే చోటు నేను రాయలేదు, నా చెయ్యి దానంతటదే మారిపోతుంది కాబట్టి రాయాలని తోచలేదు. "72 కుట్ల తర్వాత ఎప్పుడు ఇబ్బందిగా ఉంటే అప్పుడు నాలుగు పొట్టి సూదుల మీదకి మార్చుకోండి" అని చేర్చాను.

రెండోసారి దారం ఎంత వదిలి కత్తిరించాలని. 20 సెంటీమీటర్లు వదిలి, ఆ కొసని మిగిలిన 8 కుట్లలోంచి రెండు సార్లు తిప్పి లాగి, లోపలివైపు దాచాలి. అదీ చేర్చాను.

టోపీ పూర్తయ్యాక వంటింటి త్రాసు మీద పెట్టాం, 52 గ్రాములు. దారం చుట్ట మీద 100 గ్రాములకి 210 మీటర్లు అని ఉంది, అంటే 109 మీటర్లు. "నాలుగో సైజుకి సుమారు 120 మీటర్లు" అని కాస్త కలిపి రాశాను. వాళ్లబ్బాయి తల కొలిస్తే 57 వచ్చింది. ఆంటీ ఆ 100 కుట్ల టోపీని కూడా విప్పలేదు, సర్దుబాటు చుట్టు వేసి ముగించారు, దాన్ని ఇప్పుడు అంకుల్ పెట్టుకుని వాకింగ్‌కి వస్తున్నారు.